పోలిక చెడని కుటుంబ చిత్రం

జగిత్యాల, నిజామాబాద్, కడప వైపు ఫొటో స్టూడియోలకు ఏళ్ల తరబడి వస్తున్న పని ఒకటుంది. తండ్రి దుబాయిలోనో కువైట్‌లోనో ఉంటాడు. తల్లీబిడ్డలు ఊళ్లో ఉంటారు. ముగ్గురూ కలిసి దిగిన మంచి ఫొటో ఒక్కటీ ఉండదు. ఎవరి ఫొటో వాళ్లది విడిగా తెచ్చి, ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెట్టి ఫ్రేము కట్టివ్వమని అడుగుతారు. స్టూడియోవాళ్లు దీన్ని మిక్సింగ్ అంటారు. ఫొటోషాప్‌లో మనిషి చుట్టూ కత్తిరించి, ఏదో తోట బొమ్మ మీద అతికిస్తారు. తండ్రి మీద ఎండ కుడినుంచి పడుతుంది, తల్లి మీద ఫ్లాష్ ఎదురుగా పడుతుంది. ఆ అతుకు ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. అయినా ముఖాలు మాత్రం ఎవరివి వాళ్లవే.

ఏఐ బొమ్మల పరికరాలు వచ్చాక ఈ లెక్క తారుమారైంది. ఛాట్‌జీపీటీలో 2025 మార్చిలో కొత్త బొమ్మల సదుపాయం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో గూగుల్ జెమినైలో నానో బనానా అన్న ముద్దుపేరుతో మరొకటి వచ్చింది. మూడు ఫొటోలు ఇచ్చి నాలుగు మాటలు రాస్తే నిమిషంలో కుటుంబ చిత్రం చేతికొస్తోంది. వెలుతురు ఒక్కటిగా ఉంటుంది, నీడలు కుదురుతాయి, చీర కుచ్చిళ్లు కూడా చక్కగా పడతాయి. కానీ ఇవి ముఖాన్ని కత్తిరించి అతికించవు, ఇచ్చిన ఫొటో చూసి మళ్లీ మొదటినుంచి గీస్తాయి. అలా గీయడంలో ముక్కు కాస్త సన్నబడుతుంది, కనుబొమ కాస్త వంగుతుంది, నుదురు కాస్త తగ్గుతుంది. బయటివాళ్లకు ఆ తేడా కనబడదు. ఇంట్లోవాళ్లకు మాత్రం వెంటనే తెలుస్తుంది. అమ్మమ్మ ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని, "అల్లుడు మంచిగనే ఉన్నడు గని బిడ్డా, గీ పొల్ల మన పొల్ల లెక్క లేదు" అంటుంది.

అమ్మమ్మ అలా అనకుండా ఉండాలంటే ఏం రాయాలి? చాలామందికి తోచే జవాబు, పాప అమ్మానాన్నల పోలికలతో ఉండాలని రాయడం. సరిగ్గా ఆ వాక్యమే బొమ్మను చెడగొడుతుంది. పాప ఫొటో ఉన్నప్పుడు పోలిక కూడా అందులోనే ఉంది. దాన్ని పుట్టించాల్సిన పని లేదు, చెరిగిపోకుండా చూసుకుంటే చాలు.

ఎందుకో చూద్దాం. బొమ్మలో ప్రతి చిన్న భాగాన్నీ గీసేటప్పుడు మోడల్ మనం రాసిన మాటల్నీ, ఇచ్చిన మూడు ఫొటోల్నీ కలిపి లెక్కలోకి తీసుకుంటుంది. తండ్రి ముఖానికి సంబంధించిన వివరం తల్లి ముఖంలోకి, తల్లిది పాపలోకి కొద్దికొద్దిగా జారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మనుషులు ఎక్కువైనకొద్దీ ఈ జారుడు పెరుగుతుంది. అలాంటిచోట పోలిక అన్న మాట పడితే, ఆ కలపడానికి మనమే అనుమతి ఇచ్చినట్టవుతుంది. అప్పుడు వచ్చే ఫలితం చూడగానే గుర్తుపట్టొచ్చు. పాప ముఖం అమ్మానాన్నల ముఖాల సగటులా మారుతుంది. ఒక్కోసారి అమ్మానాన్నలు కూడా ఒకరికొకరు దగ్గరై, దంపతుల్లా కాకుండా అన్నాచెల్లెళ్లలా కనిపిస్తారు.

సగటు ముఖం ఎవరి ముఖమూ కాదన్న సంగతి కొత్తది కాదు. 1870ల చివర్లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ చాలామంది ముఖాలను ఒకే ఫొటో ప్లేటు మీద ఒకదానిమీద ఒకటి పడేలా తీసి సగటు బొమ్మలు తయారుచేశాడు. ఒకే కుటుంబం మనుషుల్ని కూడా అలా కలిపి చూశాడు. వచ్చినవి నునుపుగా, మెత్తగా, ఒకింత అందంగా ఉన్న ముఖాలు. కానీ గీతలు, మచ్చలు, వంకరలు పోయాయి. అంటే ఒక మనిషిని ఆ మనిషిగా గుర్తుపట్టించేవన్నీ పోయాయి. ఏఐ మోడల్‌ను వదిలేస్తే అది వెళ్లేది కూడా ఆ నునుపు వైపే.

పైగా పిల్లలకు రూపం సగంసగం కలిసి రాదు. ముఖంలో ఒక్కో లక్షణం వెనక ఎన్నో జన్యువులుంటాయి, అవి ఒక్కో బిడ్డలో ఒక్కోలా కలుస్తాయి. ఒక పాపకు తండ్రి కనుబొమలు దాదాపు యథాతథంగా రావచ్చు, తల్లి కళ్ల ఆకారం రావచ్చు, చెవులు మాత్రం ఇద్దరివీ కాకపోవచ్చు. మన ఇళ్లలో బారసాలకు వచ్చిన చుట్టాలు చేసేది ఈ లెక్కే. కళ్లు మేనత్తవి, ముక్కు తాతది, నవ్వితే అచ్చం వాళ్లమ్మే అంటారు. ముక్కలుముక్కలుగా చూసే ఆ చూపులో చాలా నిజముంది. ఆడపిల్లకు తండ్రి పోలిక, మగపిల్లాడికి తల్లి పోలిక వస్తే అదృష్టమన్న నమ్మకాన్ని మాత్రం బొమ్మలోకి తేకూడదు. ఏడాది వయసు పిల్లలు తండ్రినే ఎక్కువ పోలి ఉంటారని 1995లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. తర్వాత చేసిన కొన్ని అధ్యయనాల్లో ఆ మొగ్గు కనబడలేదు. బిడ్డ ముఖాన్ని ఎటువైపూ నెట్టకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచడమే సరైన పని.

ఇక అసలు పనిలోకి వెళ్దాం. జగిత్యాల దగ్గర ఒక ఇల్లు అనుకుందాం. తండ్రికి 36 ఏళ్లు, షార్జాలో ఉద్యోగం. తల్లికి 30. కూతురికి ఆరేళ్లు, ఒకటో తరగతి. తండ్రి వాట్సాప్‌లో పంపిన సెల్ఫీ ఉంది. తల్లిది చెల్లెలి పెళ్లిలో ఫ్లాష్ వేసి తీసిన ఫొటో. పాపది బడి గుర్తింపు కార్డు కోసం తీసింది. తండ్రికి వెడల్పాటి నుదురు, ముక్కు మొదట్లో దాదాపు కలిసిపోయే దట్టమైన కనుబొమలు, ఒక చెంప మీద పుట్టుమచ్చ. తల్లివి చివర్లు కాస్త పైకి లేచిన కోల కళ్లు, చిన్న గడ్డం. పాపకు తండ్రి నుదురు, కనుబొమలు వచ్చాయి. కళ్లు తల్లివి. ముందు పన్ను ఒకటి ఈమధ్యే ఊడింది.

ఈ మూడు ఫొటోల్లో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది తండ్రి సెల్ఫీ. చేతిలో ఫోను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ముక్కు కొస కెమెరాకు బాగా దగ్గర, చెవులు ఇంకో పది పన్నెండు సెంటీమీటర్లు వెనక. అంత దగ్గరలో ఆ కొద్ది తేడా కూడా పెద్దదే. అమెరికాలో ముఖ శస్త్రచికిత్స వైద్యులు 2018లో దీన్ని లెక్కగట్టారు. ఒకటిన్నర మీటర్ల దూరంనుంచి తీసిన ఫొటోతో పోలిస్తే, 30 సెంటీమీటర్ల సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని తేల్చారు. మోడల్‌కు ఆ సంగతి తెలియదు. ఆ ముక్కే నిజమనుకుని, రెండు మీటర్ల దూరంనుంచి తీసినట్టుండే కుటుంబ చిత్రంలో కూడా అదే వెడల్పు ముక్కు పెడుతుంది. చెవులు వెనక్కిపోయి, నుదురు కుంచించుకుపోయిన తండ్రి తయారవుతాడు. పాపకూ తండ్రికీ కలిసే ముఖ్యమైన చోటు నుదురే కాబట్టి, పోలిక సగం అక్కడే పోతుంది.

సెల్ఫీతో ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా ఫోన్లలో, యాప్‌లలో ముందు కెమెరాతో తీసిన బొమ్మ అద్దంలోలా కుడిఎడమలు మారి దాచుకుంటుంది. పాపిడి అటుదిటు అవుతుంది, పుట్టుమచ్చ అవతలి చెంపకు పోతుంది. తల్లి ఫొటో అయితే ముక్కుపుడక వైపు మారుతుంది. సెల్ఫీలో చొక్కా మీద అక్షరాలు ఉంటే తిరగబడ్డాయేమో చూస్తే చాలు. తిరగబడితే ఫోను గ్యాలరీలో ఫ్లిప్ నొక్కి సరిచేసి, తర్వాతే మోడల్‌కు ఇవ్వాలి.

అందుకని రాయడానికి ముందు చేయాల్సిన పని ఫొటోలు మార్చడం. తండ్రికి ఫోన్ చేసి, గదిలో ఉండే స్నేహితుడితో రెండు మీటర్ల దూరంనుంచి ఒక ఫొటో తీయించమంటే సరిపోతుంది. పగలు, కిటికీకి ఎదురుగా, వెనక కెమెరాతో, బ్యూటీ ఫిల్టర్ తీసేసి. దూరం వల్ల ముఖం చిన్నదైతే తర్వాత కత్తిరించుకోవచ్చు, ఫోనులో రెండు రెట్ల జూమ్ అయినా వాడొచ్చు. పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపితే యాప్ ఫొటోను కుదించదు, కనుబొమ వెంట్రుకల వంటి సన్నని వివరం నిలుస్తుంది. తల్లికి పెళ్లి ఫొటో బదులు ఇంటి వసారాలో తీసిన మామూలు ఫొటో మేలు. పెళ్లి మేకప్ కింద చర్మం రంగు, పెన్సిల్ కింద కనుబొమల అసలు ఆకారం రెండూ దాగిపోతాయి. ముగ్గురివీ ఇంచుమించు ఒకే కాలానివై ఉండాలి. ఎనిమిదేళ్ల కిందటి తండ్రినీ ఇప్పటి పాపనూ పక్కన పెడితే బొమ్మలో అన్న పక్కన చెల్లెలు నిలబడ్డట్టు ఉంటుంది.

వెసులుబాటు ఉంటే ఒక్కొక్కరివి రెండు ఫొటోలు ఇవ్వొచ్చు, ఒకటి ఎదురుగా చూస్తున్నది, ఒకటి కొంచెం పక్కకు తిరిగినది. 2025 నవంబరులో వచ్చిన నానో బనానా ప్రో ఒకేసారి 14 చిత్రాల వరకు తీసుకుంటుందని, ఐదుగురి వరకు రూపం చెడకుండా నిలుపుతుందని గూగుల్ చెప్పింది. అయినా ముగ్గురికి ఆరు ఫొటోలు దాటాల్సిన అవసరం రాదు. ముఖ్యమైన విషయం ఇంకొకటుంది. ముగ్గురినీ ఏ ముఖకవళికతో చూడాలనుకుంటున్నామో ఆ కవళికతో ఉన్న ఫొటోలే ఇవ్వాలి. పెదవులు బిగించి ఉన్న తండ్రి ఫొటో ఇచ్చి నవ్వుతున్నట్టు గీయమంటే, అతని పళ్లు, నవ్వితే చెంపల మీద పడే గీతలు మోడల్ తనకు తానుగా ఊహిస్తుంది. అవి వేరే మనిషివి అవుతాయి.

ఇప్పుడు రాయడం. తెలుగులో రాసినా ఈ పరికరాలు అర్థం చేసుకుంటాయి. ఏదైనా వాక్యాన్ని తప్పుగా పట్టుకున్నట్టు కనిపిస్తే ఆ ఒక్కదాన్నీ ఇంగ్లీషులో మార్చి చూడొచ్చు. ముగ్గురితో అందమైన కుటుంబ చిత్రం చెయ్యి, పాప అమ్మానాన్నల్లా ఉండాలి అని ఒక్క వాక్యంలో తేల్చేయకుండా, ఈ ఇంటికి ఇలా రాస్తే పని జరుగుతుంది:

"చిత్రం 1లోని వ్యక్తి తండ్రి, 36 ఏళ్లు. చిత్రం 2లోని వ్యక్తి తల్లి, 30 ఏళ్లు. చిత్రం 3లోని పాప వాళ్ల కూతురు, 6 ఏళ్లు. ఒక్కొక్కరి ముఖం వాళ్ల చిత్రంలో ఉన్నట్టే ఉంచు. ఒకరి ముఖ లక్షణాలు మరొకరికి కలపవద్దు. తండ్రి: వెడల్పాటి నుదురు, దాదాపు కలిసే దట్టమైన కనుబొమలు, చూసేవారికి ఎడమవైపు చెంప మీద పుట్టుమచ్చ. తల్లి: చివర్లు కాస్త పైకి లేచిన కోల కళ్లు, చిన్న గడ్డం. పాప: వెడల్పాటి నుదురు, దట్టమైన కనుబొమలు, కోల కళ్లు, ముందు పన్ను ఒకటి లేదు, లేనట్టే ఉంచు. ముగ్గురి చర్మం రంగు వాళ్ల చిత్రాల్లో ఉన్నదే, తెల్లబరచవద్దు, నునుపు చేయవద్దు."

"తల్లిదండ్రులు బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు, పాప ఇద్దరి మధ్య నిలబడింది. నడుమునుంచి పైకి మాత్రమే కనిపించాలి. కెమెరా రెండు మీటర్ల దూరంలో, వాళ్ల కళ్ల ఎత్తులో ఉంది. ముగ్గురూ కెమెరావైపు చూస్తున్నారు. ఎడమ కిటికీనుంచి ఒకే మెత్తని పగటి వెలుతురు ముగ్గురి మీదా పడుతోంది. సాదా గోడ, మామూలు బట్టలు."

ఇందులో పాప అమ్మానాన్నల్లా ఉండాలన్న మాట ఎక్కడా లేదు. కానీ తండ్రి గురించి రాసిన నుదురు, కనుబొమలే పాప గురించి రాసినదాంట్లోనూ ఉన్నాయి. తల్లి కళ్ల గురించి రాసినది పాపకూ వచ్చింది. ఫొటోలో నిజంగా ఉన్న పోలికను పేరుపెట్టి చెబుతున్నాం, దాంతో మోడల్ ఆ చోట్ల జాగ్రత్తగా ఉంటుంది. ఫొటోలో లేని పోలికను మాత్రం ఒక్కటి కూడా రాయకూడదు. పాప ముక్కు ఎవరిలాగా లేకపోతే దాని ఊసే ఎత్తక్కర్లేదు. చూసేవారికి ఎడమవైపు అని రాయడం కూడా కావాలని చేసిందే. కుడి చెంప అంటే అతని కుడో, మన కుడో తేలక మోడల్ తడబడుతుంది.

కనుబొమలకు, కళ్లకు, నుదుటికి ఇంత పట్టింపు ఎందుకంటే పోలిక ఎక్కువగా కనిపించేది అక్కడే. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయానికి చెందిన మరియా దల్ మార్తెల్లో, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ మాలొనీ 2006లో దీన్ని పరీక్షించారు. పిల్లల ముఖాలు జతలుగా చూపి, వీళ్లు తోబుట్టువులా కాదా అని అడిగారు. ముఖం పైభాగం కప్పేస్తే జవాబులు బాగా దెబ్బతిన్నాయి. కింది భాగం కప్పితే పెద్దగా తేడా రాలేదు. పిల్లల దవడ, గడ్డం పెద్దయ్యేదాకా మారుతూనే ఉంటాయి కాబట్టి బంధుత్వం తెలుసుకోవడానికి అవి అంత నమ్మకమైన ఆనవాళ్లు కావని వాళ్ల వివరణ. ఈ ఫలితం మన పనికి నేరుగా ఉపయోగపడుతుంది. గడ్డం కాస్త తేడా వచ్చినా బొమ్మ గట్టెక్కుతుంది. కనుబొమలు మారితే గట్టెక్కదు.

పాప తలకట్టు మోడళ్లు తరచూ తప్పే ఇంకో చోటు. ఆరేళ్ల పిల్ల అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదు. ఆ వయసుకే తల చుట్టుకొలత 51 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, తల్లి తల కంటే నాలుగైదు సెంటీమీటర్లే తక్కువ. కానీ ఎత్తు తల్లి ఎత్తులో మూడొంతుల లోపే, 115 సెంటీమీటర్ల ప్రాంతంలో. అంటే ఒంటితో పోలిస్తే తల పెద్దదిగా, తలలో నుదురు ఎత్తుగా, ముక్కు పొట్టిగా, దవడ చిన్నగా ఉండాలి. మోడల్ పొరపాటు చేసినప్పుడు తల్లి ముఖాన్నే కుదించి పాపకు పెడుతుంది. పోలిక బాగా వచ్చిందనిపిస్తుంది, అయినా చూస్తుంటే ఏదో ఇబ్బందిగా ఉంటుంది. పొడుగాటి ముక్కు, తేరిన చెక్కిళ్లు, వరసగా పెద్ద పళ్లు ఉంటే అది ఆరేళ్ల ముఖం కాదు. ఊడిన పన్ను గురించి ప్రత్యేకంగా రాయడం అందుకే. ఆ ఖాళీని మోడల్ నింపేసిందంటే పాప వయసు ఒక్కసారిగా నాలుగైదేళ్లు పెరిగిపోతుంది.

కూర్చోబెట్టడం వెనకా లెక్క ఉంది. మామూలు ఎత్తు బల్ల మీద కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు నేలనుంచి 110, 120 సెంటీమీటర్ల మధ్య ఉంటాయి. నిలబడ్డ ఆరేళ్ల పాప కళ్లు 100 సెంటీమీటర్లు దాటి ఉంటాయి. మూడు ముఖాలూ దగ్గరదగ్గర ఎత్తులో, కెమెరాకు ఒకే దూరంలో, ఒకే వెలుతురులో వస్తాయి. చూసేవాళ్ల కన్ను తండ్రి నుదుటినుంచి పాప నుదుటికి సులువుగా పోతుంది. విడివిడి ఫొటోల్లో పోలిక సరిగా కనిపించకపోవడానికి పెద్ద కారణం ఒక్కో ఫొటో ఒక్కో దూరంనుంచి, ఒక్కో కోణంలో, ఒక్కో వెలుతురులో తీయడమే. అవి సమానం చేస్తే ఉన్న పోలిక దానంతట అదే పైకి తేలుతుంది.

నడుమునుంచి పైకి మాత్రమే అనడం ఇంకా అవసరం. 1024 పిక్సెళ్ల ఎత్తున్న బొమ్మలో ముగ్గుర్నీ నిలువెత్తున నిలబెడితే తండ్రి ఒళ్లంతా కలిపి 820 పిక్సెళ్లు వస్తుందనుకుందాం. మనిషి ఎత్తులో తల ఏడున్నరో వంతు. అంటే తలకు దక్కేది 110 పిక్సెళ్లే. స్టేబుల్ డిఫ్యూజన్ వంటి మోడళ్లు బొమ్మను పొడవునా వెడల్పునా ఎనిమిదో వంతుకు కుదించి గీస్తాయి. అలా చూస్తే తండ్రి తలకు నిలువునా పద్నాలుగు గళ్లు కూడా దక్కవు. అందులో కనుబొమకు ఎంత మిగులుతుంది? గుడి ముందు నిలువెత్తు చిత్రం అడిగినవాళ్లకు ముఖాలు మారిపోవడానికి తరచూ ఇదే కారణం. నడుమునుంచి పైకి తీస్తే తల ఎత్తు 250 పిక్సెళ్లు దాటుతుంది, వివరానికి చోటు దొరుకుతుంది. నిలువెత్తు చిత్రమే కావాలంటే ఎక్కువ పిక్సెళ్ల బొమ్మ ఇచ్చే మోడల్ వాడుకోవాలి.

బొమ్మ వచ్చాక ముందు దాని అందం చూడొద్దు. బొమ్మలో తండ్రి ముఖాన్ని కత్తిరించి, ఇచ్చిన ఫొటో పక్కన అదే సైజులో పెట్టాలి. తల్లికీ పాపకూ అలాగే. కనుబొమల ఆకారం, కనుబొమకూ కంటికీ మధ్య దూరం, రెండు కళ్ల మధ్య ఎడం, జుట్టు మొదలయ్యే గీత, చెవులు, మచ్చలు వరుసగా చూసుకోవాలి. తర్వాత అరచేత్తో ముఖాల కింది భాగం మూసి, పైభాగాలు మాత్రమే చూడాలి. పాప పైభాగంలో తండ్రి కనిపిస్తున్నాడా? పని జరిగినట్టే. తల్లీతండ్రీ ఒకరిలా ఒకరు కనిపిస్తున్నారా? లక్షణాలు కలిసిపోయాయి, ఆ బొమ్మ వదిలేయాలి. ఆఖరి పరీక్ష ఇంట్లోవాళ్లది. ఎలా చేశారో చెప్పకుండా అమ్మమ్మకో మేనత్తకో చూపించి, పాప ఎలా ఉందని మాత్రం అడగాలి. రోజూ చూసే ఆ కళ్లను మించిన పరీక్ష లేదు.

తప్పు దొరికితే ఎలా సరిచేయాలన్నదాంట్లోనే చాలామంది బొమ్మ పాడుచేసుకుంటారు. వచ్చిన బొమ్మకే చీర రంగు మార్చమని, పాపను నవ్వించమని, గోడ తీసి తోట పెట్టమని ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోతారు. ప్రతి మార్పుకూ మోడల్ ముఖాల్ని కూడా మళ్లీ గీయవచ్చు. ఇప్పుడు అది చూస్తున్నది అసలు ఫొటోల్ని కాదు, కిందటిసారి తాను గీసిన బొమ్మను. తేడా మీద తేడా పేరుకుని నాలుగైదు మార్పులకే ముఖాలు చేజారిపోతాయి. అసలు ఫొటోలతో కొత్తగా మొదలుపెట్టి, రాసినదాంట్లో తప్పుపోయిన ఒక్క వాక్యాన్ని సరిచేసి మళ్లీ అడగడం మేలు. ఒక్కరి ముఖమే తప్పితే వచ్చిన బొమ్మతోపాటు ఆ మనిషి అసలు ఫొటో కూడా మళ్లీ జతచేసి, "పాప ముఖం మాత్రమే చిత్రం 2లో ఉన్నట్టు సరిచెయ్యి, మిగతాది ముట్టుకోవద్దు" అని రాయొచ్చు. ఒకే మాటలతో అడిగినా ప్రతిసారీ బొమ్మ వేరుగా వస్తుంది కాబట్టి, నాలుగైదు తీయించి మంచిది ఏరుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

చర్మం రంగు గురించి గట్టిగా చెప్పాలి. చామనఛాయ ముఖాల్ని ఒక మెట్టు తెల్లబరచడం, ముగ్గురికీ ఒకే రంగు పూయడం ఈ బొమ్మల్లో పదేపదే కనిపించే లోపం. తండ్రి నలుపు, తల్లి చామనఛాయ, పాప మధ్యరకంగా ఉంటే ఆ మూడు ఛాయలూ బొమ్మలో అలాగే ఉండాలి. అవి కూడా ఆ ఇంటి పోలికలో భాగమే. అయితే ఛాయకూ వెలుతురుకూ తేడా తెలుసుకోవాలి. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో ముఖం పాలిపోయి ఉంటుంది, సాయంత్రపు ఎండలో తీసినదాంట్లో ఎర్రబడి ఉంటుంది. పగటి వెలుతురులో తీయమనడం ఇందుకు కూడా. ఫొటోలోనే రంగు తప్పితే ఉన్నది ఉన్నట్టు ఉంచమన్న మాట ఆ తప్పునే నిలబెడుతుంది.

ఎంత బాగా రాసినా కొన్ని కుదరవు. మసకబారిన పాత ఫొటోలోంచి లేని వివరం రాదు. మోడల్ దాన్ని ఊహించి నింపుతుంది, ఆ ఊహ ఎవరి ముఖమో ఎవరూ చెప్పలేరు. పక్కకు తిరిగిన ఫొటో ఒక్కటే ఉంటే ఎదురుగా చూస్తున్న ముఖం నమ్మకంగా రాదు. కొన్ని యాప్‌లు పిల్లల ఫొటోలున్న పనిని మధ్యలోనే ఆపేస్తాయి, వాటితో పేచీ పెట్టుకోవడంలో అర్థం లేదు. పాప ఫొటో ఎక్కించే ముందు ఆ యాప్ ఫొటోల్ని ఎంతకాలం దాచుకుంటుందో, మోడళ్లను తయారుచేయడానికి వాడుకుంటుందో సెట్టింగుల్లో చూసి, వాడుకోవద్దన్న ఎంపిక ఉంటే అది పెట్టుకోవాలి. ముక్కూమొహం తెలియని ఉచిత యాప్‌లకు బిడ్డ ఫొటో ఇవ్వకపోవడమే మంచిది.

ఇలా చేసిన చిత్రం గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది, పాస్‌పోర్టుకో వీసాకో రుజువుగా పనికిరాదు. జెమినై చేసే ప్రతి బొమ్మలో సింథ్ఐడీ అనే కంటికి కనబడని గుర్తు ఉంటుంది, అది ఏఐతో చేసిందని దాన్నిబట్టి పట్టుకోవచ్చు. కంటికి కనబడే గుర్తు ఒకటి ఇంటివాళ్లు కూడా పెట్టుకోవాలి. ఫ్రేము కట్టించేటప్పుడు వెనక అట్ట మీద ఇది మూడు ఫొటోలనుంచి కూర్చిన చిత్రమని, ఏ సంవత్సరమో రాసి, ఆ మూడు అసలు ఫొటోలను ప్రింటు తీయించి అదే కవరులో పెట్టండి. రేపు ఆ పాప పిల్లలు తాత పోలిక ఎవరికి వచ్చిందో వెతుక్కోవాల్సింది ఆ ఫొటోల్లోనే.